మేస్త్రి సుత్తి చప్పుడు: ఒక రిటైర్మెంట్ వీడియో స్క్రిప్టు కథ

తిరుపతి కొర్లగుంటలో నాకో చిన్న ఎడిటింగ్ గది ఉంది. పెళ్లి వీడియోలతో మొదలుపెట్టాను కానీ ఈ ఐదారేళ్లుగా రిటైర్మెంట్ వీడియోలు ఎక్కువ వస్తున్నాయి. వాటిలో నాకు బాగా నచ్చినది, ఎక్కువ తిప్పలు పెట్టినది ఒకటి రాస్తున్నాను. తిరుమల ఘాట్‌కు బస్సులు పంపే ఒక డిపోలో హెడ్ మెకానిక్‌గా చేసిన ఆయనది. అక్కడ అందరూ ఆయన్ని మేస్త్రి అంటారు కాబట్టి నేనూ అలాగే అంటాను.

1985లో హెల్పర్‌గా చేరి, 2025లో 62 నిండి దిగిపోయారు. మన రాష్ట్రంలో రిటైర్మెంట్ నెలాఖరు రోజునే జరుగుతుంది, ఆ తేదీ ఏళ్ల ముందే అందరికీ తెలుసు. అయినా నా దగ్గరికి వచ్చేసరికి తొమ్మిది రోజులే మిగిలాయి. ఇద్దరు డ్రైవర్లు, ఆఫీసులో పనిచేసే ఒకమ్మాయి వచ్చారు. అప్పటికే వాట్సాప్‌లో అడిగి 31 మంది దగ్గర వీడియోలు తెప్పించేశారు. "అన్నీ ఉండాయన్నా, నువ్వు వరసగా అతికించి పాట పెట్టిస్తే చాలు" అన్నారు.

ఆ రాత్రి కూర్చుని మొత్తం చూశాను. 31 మందిలో 26 మంది ఒకటే చెప్పారు: మీరు మాకు ఆదర్శం, మీ సేవలు మరువలేనివి, మీ శేష జీవితం ఆయురారోగ్యాలతో, ఆ వేంకటేశ్వరుడి ఆశీస్సులతో సాగాలి. కొందరైతే కాగితం చూసి చదివారు, కళ్లు ఎడమ నుంచి కుడికి కదలడం తెలుస్తూనే ఉంది. అందులో ఒక్కటీ అబద్ధం కాదు, అందరూ మనసారా చెప్పినవే. కానీ పేరు మారిస్తే అవే మాటలు ఏ హెడ్మాస్టరుకైనా, ఏ బ్యాంకు మేనేజరుకైనా సరిపోతాయి. వరసగా పెడితే రెండో నిమిషం దాటేలోపు హాల్లో జనం ఫోన్లు తీస్తారు.

తప్పు చెప్పినవాళ్లది కాదు, అడిగిన పద్ధతిది. "మేస్త్రి గురించి రెండు మాటలు చెప్పు" అంటే మనిషికి వెంటనే సన్మాన పత్రం భాషే నోటికి వస్తుంది. పైగా కెమెరా ఎదురుగా ఉంటే మెడ బిగుసుకుంటుంది. అందుకే మళ్లీ తీద్దామన్నాను. తొమ్మిది రోజుల్లో రెండు ఇప్పటికే పోయాయని వాళ్లు కొంచెం నసిగారు గానీ ఒప్పుకున్నారు. డ్యూటీ దిగిన వేళ నేనే డిపోకు వెళ్లి తీశాను, మూడు రోజులు పట్టింది.

డిపోలో కంప్రెసర్ మోత, హారన్లు, కడిగే నీళ్ల చప్పుడు. ఫోన్‌లో రికార్డు చేస్తే మనిషి గొంతు అడుగున పడిపోతుంది. అక్కడ నాకు దొరికిన మంచి గది ఏదంటే, షెడ్డుకు దూరంగా నిలిపి ఉంచిన బస్సు. ఇంజన్ ఆపి, అద్దాలన్నీ మూసి, మనిషిని వెనక నుంచి మూడో సీట్లో కూర్చోబెట్టాను. సీట్ల రెక్సిన్ వల్లనో ఏమో గొంతు ప్రతిధ్వనించదు. వాళ్లకూ అది రోజూ కూర్చునే చోటే కాబట్టి మెడ బిగుసుకోలేదు. ఫోన్‌ను అడ్డంగా పెట్టి, చొక్కాకు చిన్న మైకు తగిలించి, ముందుగా ఒక కాగితం మీద వాళ్ల పేరు, ఇంటిపేరు అక్షరం, ఉద్యోగం వాళ్ల చేతే రాయించుకున్నాను. పేరు తప్పు పడితే ఆ మనిషికి వీడియో మొత్తంలో ఆ తప్పే గుర్తుంటుంది.

అందరినీ మూడే అడిగాను. ఆయన చెప్పిన మాట, చేసిన పని ఏదైనా మీకు ఈ రోజుకీ అలవాటుగా మిగిలిందా? ఆయన మీద మీకు కోపం వచ్చిన రోజు ఏది? కళ్లు మూసుకుంటే ఆయన ఎక్కడ, ఏం చేస్తూ కనిపిస్తాడు? శుభాకాంక్షలు చెప్పమని అడగనే లేదు, అవి చివర్లో ఎలాగూ చెప్తారు. నేను కెమెరా వెనక కాకుండా పక్క సీట్లో కూర్చున్నాను, వాళ్లు నాకు చెప్తున్నట్టు ఉండాలని. సమాధానం అయిపోయాక రెండు మూడు సెకన్లు మాట్లాడకుండా ఉన్నాను. ఆ మౌనం భరించలేక మనిషి ఇంకో మాట అంటాడు, చాలాసార్లు అసలు మాట అదే.

పలమనేరు అవతల తమిళం ఎక్కువ మాట్లాడే వైపు నుంచి వచ్చిన డ్రైవర్ ఒకాయన ఉన్నాడు. తెలుగులో మొదలుపెట్టి నాలుగు వాక్యాలు కష్టపడ్డాడు. "అన్నా, ఇంట్లో మాట్లాడినట్టు తమిళంలోనే చెప్పు" అన్నాక ఆరు నిమిషాలు ఆగలేదు. దాన్ని తమిళంలోనే ఉంచి కింద తెలుగు అక్షరాలు వేశాం. మేస్త్రి ఆయనతో నలభై ఏళ్లూ తమిళంలోనే మాట్లాడేవారట, ఇక తెలుగు చేయడానికి నేనెవరిని.

మూడో ప్రశ్నకు వచ్చిన సమాధానాలే ఈ వీడియోకు దారి చూపించాయి. 31 మందిలో 11 మంది, ఒకరితో ఒకరు అనుకోకుండానే, ఒకే విషయం చెప్పారు: సుత్తి. తెల్లవారుజామున బండ్లు బయలుదేరే ముందు మేస్త్రి చిన్న సుత్తి పట్టుకుని ప్రతి చక్రం నట్లు కొట్టుకుంటూ వెళ్లేవారు. బిగుతుగా ఉన్న నట్టు ఖణ్‌మని మోగుతుంది, వదులైనది టప్‌మని చచ్చిన చప్పుడు చేస్తుంది. టార్చితో చూసి కనిపెట్టలేనిది చెవితో తెలిసిపోతుంది. చాలామంది నోటితో ఆ చప్పుడు చేసి చూపించారు, ఒకతను సీటు రాడ్డు మీద తాళం చెవితో కొట్టి మరీ చూపించాడు. అప్పుడే అనుకున్నాను, ఇక వేరే పాట అక్కర్లేదని.

రికార్డు చేసినది మొత్తం కలిపి 58 నిమిషాలు. దాన్ని కంప్యూటర్లో కోయడానికి ముందు కాగితం మీద కోస్తాను. ప్రతి మాటా, "అంటే", "ఆ ఏదో" లాంటివి కూడా వదలకుండా రాసి, ఒక్కో సంగతినీ ఒక్కో చీటీగా కత్తిరించి, పైన మనిషి నంబరు, నిమిషం, సెకను వేస్తాను. చాలా విసుగు పని, ఒక రోజు పూర్తిగా పోయింది. కానీ తెర మీద చూస్తూ కోస్తే మొహం నవ్వుతున్నది కదా అని వదలలేం. కాగితం మీద మాటే కనిపిస్తుంది, అందులో బలం ఉందో లేదో తేలిపోతుంది.

ఒక చీటీ చూపిస్తాను. ఒక మహిళా కండక్టర్ చెప్పినది, అసలు రెండు నిమిషాల పది సెకన్లు. మొదలు ఇలా ఉంది: "నమస్కారం, మేస్త్రి గారు చాలా మంచివారు, మాకందరికీ తండ్రి లాంటివారు, ఎప్పుడు చూసినా నవ్వుతా పలకరిస్తారు, ఆడపిల్లలంటే చాలా గౌరవం, అంటే ఏం చెప్పాలి, ఒకసారి నేను చేరిన కొత్తలో…" అక్కడి నుంచి అసలు సంగతి వచ్చింది:

"తెల్లారి మూడు గంటల బండి. నేను మిషన్ పెట్టుకుని కూర్చోనుండా. ఆయన బండి కింద నుంచి వచ్చినాడు, చేతికంతా గ్రీజు. ఏమ్మా తిన్నావా అన్నాడు. లేదు మామా అన్నా. ఆయన క్యారియర్ చూపించి, మూత నువ్వే తీసుకో, నా చెయ్యి బాగలేదు అన్నాడు."

తరువాత మళ్లీ అర నిమిషం: అంత మంచి మనసు ఆయనది, అలాంటివాళ్లు అరుదు, ఇలా. నేను ఉంచింది ఆ ఆరు ముక్కలే, 14 సెకన్లు. "తండ్రి లాంటివారు" తీసేశాను. గ్రీజు చెయ్యి కనిపించాక ఆ మాట వినేవాళ్లే అనుకుంటారు. "మామా" అన్న పిలుపు మాత్రం పోకుండా చూశాను, ఎందుకంటే ముందంతా "గారు" అని మాట్లాడిన మనిషి జ్ఞాపకంలోకి దిగగానే తనకు తెలియకుండానే "మామా" అంది.

తెలుగులో మాటలు కోయడంలో ఒక చిక్కుంది. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది. "బండి పంపను" అంటున్నాడో "బండి పంపుతా" అంటున్నాడో చివరి దాకా తెలియదు. కాబట్టి తోక కోస్తే అర్థమే పోతుంది, కోతంతా తల వైపే జరగాలి. ఎవరి మాటైనా ముందు భాగం ఎంత తీసినా పర్వాలేదు, చివరి క్రియ పూర్తిగా వినపడి, నోరు మూసుకున్నాక అర సెకను ఆగి కోస్తాను. ముఖ్యంగా "అయితే", "కానీ" వచ్చే చోట జాగ్రత్తగా ఉంటాను. ఒక హెల్పర్ కుర్రాడు "మేస్త్రికి కోపం జాస్తి, కానీ పని చెడితేనే" అన్నాడు. వాక్యం పొడవుగా ఉందని సగంలో కోస్తే ఆ పిల్లోడి నోట నిందే మిగులుతుంది.

ఆ చిక్కే అతుకులకు పనికొచ్చింది కూడా. వాక్యం పూర్తికాకుండా తెగితే వినేవాడు క్రియ కోసం ఎదురుచూస్తాడు, ఆ ఎదురుచూపును ఇంకొకరి నోటితో తీర్చవచ్చు. మొదటి నిమిషంలో ఇలా పెట్టాను. ఎడమ వైపు తెర మీద కనిపించేది, కుడి వైపు వినిపించేది అని రెండు గడుల స్క్రిప్టు నాది, ఇక్కడ కలిపి రాస్తున్నాను.

చీకటి తెర. ఖణ్. ఖణ్. ఖణ్.
డ్రైవర్, బస్సు సీట్లో: "మేము బండి దగ్గరికి రాకముందే మాకు వినపడేది…"
ఇంకో డ్రైవర్: "…ఆ సుత్తే."
టైమ్ ఆఫీసు అమ్మాయి: "గడియారం చూసేదాన్ని కాదు. అది ఆగిందంటే మొదటి బండి రెడీ."
హెల్పర్, తాళం చెవితో రాడ్డు మీద కొడుతూ: "ఇట్ల కొడితే బిగువు. ఇట్ల అంటే వదులు. నేర్చుకునేదానికి నాకు రెండేండ్లు పట్టింది."

నలుగురు ఆ మూడు రోజుల్లో విడివిడిగా అన్న మాటలివి. ఒకరి నోట్లో లేని మాట ఒక్కటీ పెట్టలేదు. మొదటి ఇద్దరినీ కలిపే ముందు ఇద్దరికీ ఫోన్లో వినిపించి సరేననిపించుకున్నాను. రెండో డ్రైవర్ అసలు వేరే ప్రశ్నకు సమాధానంగా ఆ మాట అన్నాడు గానీ అర్థం మారలేదు.

సుత్తి చప్పుడు తేవడం మాత్రం అనుకున్నంత తేలిక కాలేదు. హెల్పర్ చేత కొట్టించి రికార్డు చేశాను. విన్న డ్రైవర్లు ఒక్క క్షణంలో "ఇది మేస్త్రి కొట్టుడు కాదు" అన్నారు. ఆయన నట్టుకు రెండు దెబ్బలు వేస్తారట, మొదటిది మెల్లగా, రెండోది గట్టిగా, మధ్యలో నడక. చివరికి ఒక డ్రైవర్ తెల్లవారుజామున నాలుగింటికి సీట్లో కూర్చుని, ఫోన్ కిటికీ అంచున పెట్టి, ఆయనకు తెలియకుండా రెండు నిమిషాలు పట్టి తెచ్చాడు. అందులో ఒకచోట ఖణ్ ఖణ్‌ల మధ్య టప్‌మని మొద్దు చప్పుడు ఒకటి ఉంది. శబ్దం చెడిందనుకుని తీసేయబోతే ఆ డ్రైవరే వద్దన్నాడు: "అదే కదన్నా అసలు ఉద్యోగం, ఉండనీ."

ఇక వరస. ఆఫీసులో వాళ్లు అధికారి సందేశం మొదట, తరువాత సీనియారిటీ ప్రకారం అందరూ రావాలన్నారు. సన్మాన సభకు అది సరైన పద్ధతే. వీడియోలో మాత్రం వరసను జ్ఞాపకాలే నిర్ణయించాలి, లేకపోతే హెల్పర్ చెప్పే మంచి మాట వచ్చేసరికి హాలు అలిసిపోతుంది. అధికారి ముందుగా ఒక పేజీ రాసి పంపారు. నేను బస్సులోకి రమ్మని అడిగితే ఆయన వచ్చి, అదే మూడో సీట్లో కూర్చుని, కోపం వచ్చిన రోజు గురించి చెప్పారు. చేరిన మొదటి వారంలో ఒక బండిని పంపమన్నారట, జనం కూర్చుని ఉన్నారు, మేస్త్రి సంతకం పెట్టనన్నారు. ఈయన అందరి ముందూ అరిచారు. చక్రం విప్పి చూస్తే బ్రేక్ డ్రమ్ముకు పగులు. ఆ బండి కొండ దిగేటప్పుడు ఏమయ్యేదో ఆ డిపోలో ఎవరికీ చెప్పక్కర్లేదు. కొండ దిగేటప్పుడు చిన్న గేరులో ఇంజన్ పట్టుతోనే దిగాలి, అయినా మలుపు మలుపుకూ బ్రేకు పడుతూనే ఉంటుంది, డ్రమ్ములు కాలిపోయేంత వేడెక్కుతాయి. "ఆ రోజు నేను ఆయనకు సారీ చెప్పలేదు, ఇప్పుడు చెప్తున్నా" అన్నారు అధికారి. దీన్ని మొదట పెడితే వృథా అవుతుంది, సుత్తి ఎందుకో హాలుకు అర్థమయ్యాక రావాలి. ఆయనకే స్క్రిప్టు చూపించి, మీరు నాలుగో నిమిషంలో వస్తారు సార్ అన్నాను. చదివి, పేజీ వెనక్కి ఇచ్చి, సరే అన్నారు.

ఒక మంచి సంగతిని వదిలేయాల్సి వచ్చింది. ఒక డ్రైవర్ తన కూతురి కాలేజీ ఫీజుకు మేస్త్రి ఉంగరం కుదువ పెట్టి డబ్బు ఇచ్చిన సంగతి చెప్పి ఏడ్చేశాడు. చూసిన ఎవరైనా ఇదే వీడియోకు గుండెకాయ అంటారు. కానీ హాల్లో మేస్త్రి భార్య, కొడుకులు, కోడళ్లు కూర్చుని ఉంటారు. ఆ ఉంగరం సంగతి ఇంట్లో చెప్పారో లేదో మనకు తెలియదు, అడిగితే అడగడంతోనే బయటపడుతుంది. అప్పు, జబ్బు, సస్పెన్షన్, ఇంటి గొడవ, ఈ నాలుగూ ఎంత బాగా చెప్పినా నేను పెట్టను. డ్రైవర్‌కు ఫోన్ చేసి ఎందుకు తీసేస్తున్నానో చెప్పాను. "మంచిదే అన్నా, అది నేనే పక్కకు తీసుకుపోయి చెప్తా" అన్నాడు. ఆయన నోటి నుంచి వేరే ముక్క తీసుకున్నాను, బ్రేకు లైనర్ కాలిన వాసన వస్తే బండి ఎక్కడ ఆపాలో మేస్త్రి నేర్పింది.

చివరికి 31 మందిలో మాటలు వాడింది 19 మందివి, సగటున 12 సెకన్ల చొప్పున మూడు నిమిషాల 48 సెకన్లు. వ్యాఖ్యానం ఒక నిమిషం పది సెకన్లు. సుత్తి, పాత ఫోటోలు, మౌనం కలిపి ఇంకో నిమిషం 42. మొత్తం 6:40. వ్యాఖ్యానంలో ఎవరూ చెప్పనివే రాశాను: ఏ ఏడు చేరారు, ఏ ఊరి నుంచి సైకిల్ మీద వచ్చేవారు, ఏ షెడ్డులో మొదలుపెట్టారు. పొగడ్త ఒక్క మాట కూడా లేదు, అది పనివాళ్ల నోటనే రావాలి. చదవడానికి స్టూడియో గొంతు పెట్టలేదు. రోజూ మైకులో బండి నంబర్లు చదివే ఉద్యోగి చేతే చదివించాం, ఆ గొంతు వింటేనే ఆ హాల్లో వాళ్లు తలెత్తుతారు.

మిగిలిన 12 మందిని వదిలేస్తే బాధపడతారు, అది న్యాయమే కూడా. రికార్డింగ్ అయిపోయింది అనుకుని మనిషి ఊపిరి వదిలి నవ్వే రెండు క్షణాలు ఉంటాయి, అందుకే నేను కెమెరా వెంటనే ఆపను. ఆ 12 నవ్వులను వరసగా, పేర్లతో, చివర్లో పెట్టాను. అందరి పూర్తి రికార్డింగులూ పెన్‌డ్రైవ్‌లో వేసి మేస్త్రికి ఇచ్చాం, 58 నిమిషాలూ, ఉంగరం సంగతి ఒక్కటి తప్ప. పెన్‌డ్రైవ్‌ను ఇంట్లో అందరూ పెట్టుకుని చూస్తారు.

ముందు రోజు సాయంత్రం హాల్లో టీవీకి పెట్టి చూశాం. బొమ్మ వచ్చింది, శబ్దం రాలేదు. నేను ఎగుమతి చేసిన శబ్దం రకం ఆ టీవీ చదవదు. మళ్లీ బొమ్మకు H.264, శబ్దానికి AAC పెట్టి mp4గా చేశాక వచ్చింది. అది ఆ రోజే చూసుకోకపోతే సుత్తి లేని సుత్తి వీడియో అయ్యేది. స్పీకర్‌ను టీవీ పక్కన కాకుండా హాలు మధ్యకు జరిపాం, వెనక బల్లల్లో డ్రైవర్లు కూర్చుంటారని.

నెలాఖరు మధ్యాహ్నం వేశాం. మొదటి ఖణ్ వినగానే వెనక బల్లల్లో గుసగుసలు ఆగాయి. మేస్త్రి ముందు వరసలో, మెడలో పూలమాలతో, తల వంచుకుని కూర్చున్నారు. మొహాలు చూడలేదు, చివరి దాకా వింటూనే ఉన్నారు. అధికారి సారీ చెప్పిన చోట మాత్రం తలెత్తి, పక్కనే కూర్చున్న ఆయన మోకాలి మీద చెయ్యి వేశారు.

వీడియో అయిపోయి లైట్లు వేశాక మైకు ఇచ్చారు. ఆయన మైకు పక్కన పెట్టి, నా వైపు తిరిగి, మామూలు గొంతుతో అడిగారు: "అబ్బోడా, ఆ మధ్యలో టప్ అన్నింది విన్న్యావా? అది వెనక ఎడమ చక్రం. భయపడొద్దు, ఆ పొద్దే బిగించినా."